సస్పెన్షన్ లెటర్ డ్రాఫ్ట్ ఒకసారి చూస్తారా? తొమ్మిదో తరగతి అబ్బాయి, బుల్లీయింగ్

మూడో బెల్లు
మా స్కూల్లో క్రమశిక్షణ గొడవలన్నీ నా టేబుల్ మీదకే వస్తాయి. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అదే సెక్షన్‌లో ఇంకో పిల్లాణ్ణి ఆరు వారాలుగా ఏడిపిస్తున్నాడు. పేర్లు పెట్టడంతో మొదలై, బ్యాగు దాచడం, ఇంటర్వెల్లో ఆ పిల్లాడు బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట నుంచి పట్టుకుని తెరవనివ్వకపోవడం దాకా వచ్చింది. నిన్న మంగళవారం లోపలి నుంచి పిల్లాడు ఏడుస్తూ తలుపు కొడుతుంటే వీడియో తీశారు, అది క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో పడింది. వీడియోలో తలుపు, ఏడుపు, బయట నవ్వులు తప్ప ఇంకేం లేవు. అసలు మాకు అనుమానం వచ్చింది లెక్కల మేడం వల్ల. ఆ పిల్లాడు ఇంటర్వెల్లో బెంచీ దిగడు, బెల్లు కొట్టి క్లాసు మొదలయ్యాక పది నిమిషాలకి చెయ్యెత్తి బాత్రూంకి వెళ్తానంటాడు, రోజూ ఇదే వరస అని ఆమె గమనించింది.

మేనేజ్‌మెంట్ సస్పెండ్ చెయ్యమంది. లెటర్ ఇలా రాశాను, చూసి చెప్పండి.

"మీ అబ్బాయి గత కొంతకాలంగా తోటి విద్యార్థులతో దురుసుగా ప్రవర్తిస్తూ పాఠశాల క్రమశిక్షణకు భంగం కలిగిస్తున్నందున అతనిని తదుపరి ఉత్తర్వుల వరకు సస్పెండ్ చేయడమైనది. బాధిత విద్యార్థికి (ఇక్కడ ఆ పిల్లాడి పేరు ఉంది) క్షమాపణ పత్రం, తల్లిదండ్రుల హామీపత్రం సమర్పించి, ప్రవర్తనలో సంతృప్తికరమైన మార్పు వచ్చినదని యాజమాన్యం భావించిన పిమ్మట మాత్రమే తరగతికి అనుమతించబడును."

పరుగుపందెం
టీసీ ఇచ్చి పంపేయండి మేడం, ఇంకా లెటర్లేంటి. ఒక్కణ్ణి తీసేస్తే మిగతా వందమంది దారిలోకి వస్తారు. జీరో టాలరెన్స్ అంటారే, అది పెట్టాలి.

గోరింటాకు
ధైర్యంగా ఉండండి అమ్మా. మా బంధువుల అబ్బాయిని కూడా ఇలాగే సస్పెండ్ చేశారు, మీ బాబు తప్పు తెలుసుకుంటాడు, స్కూలు వాళ్ళతో మెత్తగా మాట్లాడి చూడండి.

మూడో బెల్లు
గోరింటాకు గారూ, నేను స్కూలు వైపేనండి. లెటర్ రాసేది నేను :)

నల్లబల్ల
22 ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను, ఇలాంటి లెటర్లు చాలానే రాశాను. మొదట్లో రాసినవి మీ డ్రాఫ్ట్‌లాగే ఉండేవి, కాబట్టి తిడుతున్నానని అనుకోకండి. లెటర్ సంగతి తర్వాత, ముందు ఒక ప్రశ్న. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి వాడేం చెబుతాడో ఎవరైనా విన్నారా? మీ పోస్టులో లెక్కల మేడం ఉంది, వీడియో ఉంది, వాడి మాట ఎక్కడా లేదు.

మూడో బెల్లు
లేదండీ. వీడియో చూసేసరికి స్టాఫ్ రూంలో అందరికీ ఒళ్ళు మండిపోయింది. ఇవాళ్టి నుంచి వాణ్ణి లైబ్రరీలో విడిగా కూర్చోబెడుతున్నాం. వాళ్ళ నాన్నని రేపు రమ్మన్నాం, లెటర్ చేతిలో పెట్టి పంపుదామని.

నల్లబల్ల
రేపు లెటర్ ఇవ్వకండి. రేపు వినండి, ఎల్లుండి ఇవ్వండి. విడిగా కూర్చోబెట్టడంలో తప్పు లేదు, అవతలి పిల్లాడికి ప్రమాదం ఉన్నప్పుడు ముందు దూరం పెట్టాల్సిందే. కానీ ఆ వెంటనే వాడి మాట వినాలి. అమెరికాలో గాస్ వర్సెస్ లోపెజ్ అని 1975లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. పది రోజుల లోపు సస్పెన్షన్ అయినా సరే, పిల్లాడికి ఆరోపణ ఏంటో చెప్పాలి, కాదంటే మీ దగ్గరున్న ఆధారం ఏంటో చెప్పాలి, వాడి వైపు కథ చెప్పుకోనివ్వాలి అంది. ఏ ఊళ్ళో స్కూలైనా ఇంగితం అదే కదా. వకీలు అక్కర్లేదు, గంటసేపు కూర్చుంటే అయిపోయే పని. ఒకరు అడగాలి, ఇంకొకరు రాసుకోవాలి, చివర్లో రాసింది వాడికి చదివి వినిపించాలి.

ఇక డ్రాఫ్ట్. "గత కొంతకాలంగా దురుసుగా" అంటే ఆ తండ్రికి ఏం అర్థమవుతుంది? "పిల్లలన్నాక అల్లరి చెయ్యరా" అంటాడు, ఆ లెటర్ చదివితే నేనూ అదే అంటాను. ఏ తేదీన, ఎక్కడ, ఏం చేశాడు, అది ఎన్నోసారి, అంతే రాయండి. తలుపు పట్టుకున్నాడు, లోపలి పిల్లాడు తెరవమని ఏడిచాడు, అయినా వదల్లేదు అని రాస్తే ఏ తండ్రీ అల్లరి అనలేడు. మీరు రౌడీ, దుష్ప్రవర్తన లాంటి మాటలు వాడితే మాత్రం వాదన ఆ మాట చుట్టూ తిరుగుతుంది, తలుపు సంగతి పక్కకి పోతుంది.

బాధపడ్డ పిల్లాడి పేరు తీసెయ్యండి. వాళ్ళకి ఎలాగూ తెలుసు అంటారు, తెలిస్తే తెలియనివ్వండి. కానీ లెటర్ ఫొటో తీసి ఎవరికో పంపితే ఆ పేరు మీ స్టాంపుతో ఊరంతా తిరుగుతుంది. సాక్ష్యం చెప్పిన పిల్లల పేర్లు కూడా అంతే.

వీరభద్రం
లెటర్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది మేడం. వివరాలు రాస్తే వాళ్ళు ప్రతి వాక్యం పట్టుకుని లాగుతారు. మీ డ్రాఫ్టే నయం. క్షమాపణ పత్రం మాత్రం వదలకండి, అది లేకుండా క్లాసులోకి రానివ్వకూడదు.

నల్లబల్ల
ఒక పేజీ దాటకూడదన్నది నిజమే వీరభద్రం గారూ, కానీ పొట్టిగా ఉండాలంటే పెద్ద మాటలు తీసెయ్యాలి, వివరాలు కాదు. వాక్యాలు పట్టుకుని లాగుతారంటే లాగనివ్వండి. ఆధారం లేని వాక్యం లెటర్లో ఉండకూడదని వాళ్ళు గుర్తు చేస్తున్నట్టే కదా.

క్షమాపణ దగ్గర మీతో నాకు కుదరదు. కాగితం లేకపోతే క్లాసు లేదు అంటే ప్రతి పిల్లాడూ రాస్తాడు, అమ్మ చెబుతుంటే రాస్తాడు. ఆ కాగితం అవతలి పిల్లాడి చేతిలో పెడితే వాడు "ఫర్వాలేదు" అనాల్సి వస్తుంది, చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి చూస్తుంటారు. రెండోసారి వాణ్ణి మూలకి నెట్టినట్టే. క్షమాపణ చెప్పాలనిపిస్తే టీచర్ ద్వారా అడగొచ్చు, అవతలివాళ్ళు సరేనంటేనే జరుగుతుంది అని ఒక వాక్యం చాలు.

చివరి బెంచి
ఇక్కడ ఎవరూ ఇంకో వైపు నుంచి మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తా. పదో తరగతిలో నన్ను సస్పెండ్ చేశారు, కారణం దాదాపు ఇలాంటిదే, తప్పు నాదే, దాని గురించి వాదన లేదు. నా లెటర్లో అచ్చం ఇదే ముక్క, "ప్రవర్తనలో మార్పు వచ్చిన పిమ్మట". ఇంట్లో కూర్చున్నవాడి ప్రవర్తనలో మార్పు స్కూలుకి ఎలా కనబడుతుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నాలుగో రోజు నుంచి నాన్న రోజూ పొద్దున్నే నన్ను తీసుకెళ్ళేవాడు, నేను యూనిఫాం వేసుకుని ఆఫీసు బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి, ప్రిన్సిపల్ మీటింగ్‌లో ఉన్నారు రేపు రండి అనేవాళ్ళు. ప్రేయర్‌కి వెళ్ళే పిల్లలందరూ నన్ను చూసుకుంటూ పోయేవాళ్ళు. మొత్తం 11 రోజులు. మొదటి మూడు రోజులు నిజంగానే సిగ్గుపడ్డాను, నేను ఏడిపించిన వాడి మొహం గుర్తొచ్చేది. ఆ తర్వాత సిగ్గు పోయింది, స్కూలు మీద కోపం మిగిలింది, వాడి సంగతే మర్చిపోయాను. ఎప్పటికి అయిపోతుందో చెప్పి ఉంటే ఇలా జరిగేది కాదేమో.

నల్లబల్ల
మూడో బెల్లు మేడం, నేను పది పేరాలు రాసినా ఇంత బాగా చెప్పలేను. "తదుపరి ఉత్తర్వుల వరకు" కొట్టేసి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, తిరిగి రావాల్సిన రోజు, ఏ గేటు, ఎన్ని గంటలకి, ఎవర్ని కలవాలి అన్నది రాయండి. పని దినాలు లెక్కపెట్టి రాయండి, మధ్యలో సెలవు ఉంటే కలుస్తుందా లేదా కూడా చెప్పండి.

షరతుల విషయంలో నేను పెట్టుకున్న జల్లెడ ఒకటే. ఈ షరతు ఆ పిల్లాడి చేతిలో ఉందా? "ఫలానా పిల్లాడి దగ్గరకి వెళ్ళకూడదు, మెసేజ్ పెట్టకూడదు, స్నేహితులతో కబురు పంపకూడదు" వాడి చేతిలో ఉంది. "అవతలివాళ్ళు క్షమించాలి" లేదు. "యాజమాన్యం సంతృప్తి చెందాలి" లేదు. "తండ్రి మీటింగ్‌కి రావాలి", ఇదీ వాడి చేతిలో లేదు. మా స్కూల్లో ఒక తండ్రి దూరంలో పని, సెలవు దొరకలేదు, మేము షరతు షరతే అన్నాం. వారం సస్పెన్షన్ మూడు వారాలైంది. తండ్రికి సెలవు దొరక్కపోవడానికి పిల్లాడు రెండు వారాల చదువు పోగొట్టుకున్నాడు, ఆ లెటర్ మీద సంతకం నాదే.

అందుకని మీటింగ్ పెట్టండి, పెద్దవాళ్ళు రాలేకపోతే ఫోన్లోనైనా జరుగుతుందని రాయండి. అదీ కుదరకపోయినా తేదీ వస్తే సస్పెన్షన్ అయిపోతుంది, వాడు స్కూల్లోకి వస్తాడు, మాట్లాడటం అయ్యేదాకా లైబ్రరీలో కూర్చుని చదువుకుంటాడు. గేటు మాత్రం ముయ్యకూడదు.

పరుగుపందెం
అంటే వాడేం చేసినా తేదీ రాగానే వచ్చేస్తాడన్నమాట. ఇంక శిక్ష దేనికి?

నల్లబల్ల
లోపలికి వచ్చినవాడికి గీతలు ఉంటాయి కదండీ, అవి దాటితే ఏమవుతుందో కూడా లెటర్లోనే ఉంటుంది. మీరన్న జీరో టాలరెన్స్ మీద అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ నివేదిక 2008లో వచ్చింది, దానివల్ల స్కూళ్ళు భద్రంగా మారాయనడానికి ఆధారం దొరకలేదని అందులో తేల్చారు. అయినా టీసీ ఇస్తే వాడు పక్క స్కూల్లో చేరతాడు, అక్కడా ఒక బాత్రూం ఉంటుంది.

శారద
మా అమ్మాయి అవతలి వైపు ఉండేది. అంటే ఏడిపించబడిన వైపు. ఏడిపించిన పిల్లని సస్పెండ్ చేశామని చెప్పారు, సంతోషం. ఎన్నాళ్ళో చెప్పలేదు, అడిగితే అది గోప్యం అన్నారు. ఒక బుధవారం పొద్దున మా అమ్మాయి సైకిల్ స్టాండు దగ్గర ఆ పిల్లని చూసి అక్కణ్ణించే వెనక్కి తిరిగి ఇంటికి నడిచొచ్చేసింది, బ్యాగు కూడా సైకిల్ మీదే వదిలేసి. మీరు లెటర్ గురించి ఇంత ఆలోచిస్తున్నారు, బాగుంది, కానీ అందరూ వాడి లెటరే చూస్తున్నారు.

మూడో బెల్లు
శారద గారూ, మీ మాట గుచ్చుకుంది. ఆ పిల్లాడి ఇంటికి మేము ఫోన్ చేసి "చర్య తీసుకుంటున్నాం" అన్నాం, అంతే.

నల్లబల్ల
వాళ్ళకి వేరే లెటర్ ఉండాలి, ఇది వెళ్ళే రోజే వెళ్ళాలి. అందులో ఈ అబ్బాయి ఇంటి సంగతులు, కౌన్సెలింగ్ ఏమీ ఉండవు. వాడు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా రాడు, వచ్చే రోజు ఏది, వచ్చాక ఎక్కడ కూర్చుంటాడు, ఇంటర్వెల్లో బాత్రూం దగ్గర డ్యూటీ ఎవరిది, మీ బాబుకి ఇబ్బందైతే ఎవరికి చెప్పాలి, ఇవి చాలు. ఇంకోటి, దూరం పాటించే బాధ్యత చేసినవాడిదే. సీటు మారేది వాడు, సెక్షన్ మార్చాల్సి వస్తే మారేదీ వాడే. చాలా స్కూళ్ళలో గొడవెందుకని బాధపడ్డ పిల్లాణ్ణే పక్క సెక్షన్‌కి పంపేస్తారు.

వానచినుకు
స్కూల్ కౌన్సెలర్‌ని. "కౌన్సెలింగ్ తీసుకోవాలి" అని షరతు పెడితే హాజరు వరకే పెట్టండి ప్లీజ్. నాలుగు సార్లు వచ్చాడా లేదా అన్నది మేము చెప్పగలం. వాడేం మాట్లాడాడు, పశ్చాత్తాపపడ్డాడా అని మమ్మల్ని రిపోర్టు అడిగితే వాడు మొదటి రోజే నోరు మూసుకుంటాడు. ఎవరికైనా ప్రాణాపాయం ఉందనిపిస్తే అది వేరే, అప్పుడు మేమే చెప్తాం, ఆ మాట పిల్లాడికి ముందే చెప్తాం.

వీడియో గురించి కూడా. డిలీట్ చేయించే ముందు ఎవరు ఎప్పుడు పెట్టారో ఒకరు రాసిపెట్టుకోండి. స్టాఫ్ గ్రూపులో తిప్పకండి, స్టాఫ్ రూంలో అందరూ చూశారన్నారు, అదే ఎక్కువ. అదృష్టం కొద్దీ తలుపే కనిపిస్తోంది. పిల్లలు బట్టలు లేకుండా ఉన్న వీడియో అయితే స్కూలు ఒక్క కాపీ కూడా తీసుకోకూడదు, ఎవరికీ పంపకూడదు, నేరుగా పోలీసులకి చెప్పాల్సిన విషయం అది.

మూడో బెల్లు
ఇవాళ గురువారం అప్‌డేట్. అబ్బాయి, వాళ్ళ నాన్న, నేను, రాసుకోవడానికి క్లాస్ టీచర్. నలభై నిమిషాలు. తలుపు మూడుసార్లు పట్టుకున్నానని ఒప్పుకున్నాడు. మాకు ఒక్కసారే తెలుసు! బ్యాగు సంగతి ఒప్పుకున్నాడు. వీడియో తీసింది, గ్రూపులో పెట్టింది మాత్రం తను కాదన్నాడు. చూస్తే నిజమే, వేరే అబ్బాయి నంబరు నుంచి వెళ్ళింది. నా మొదటి డ్రాఫ్ట్ తర్వాత మేనేజ్‌మెంట్ కోసం ఇంకోటి రాశాను, అందులో "వీడియో తీసి ప్రచారం చేసినందుకు" అని ఉంది. అది ఇవాళ వాళ్ళ నాన్న చేతికి వెళ్ళేది. మధ్యాహ్నం అంతా అదే టెన్షన్.

వాళ్ళ నాన్న చివర్లో ఒక్కటే అడిగాడు, "మూడుసార్లా?" అని, మమ్మల్ని కాదు, కొడుకుని.

మేనేజ్‌మెంట్ 15 రోజులు అంటోంది. నేను 5 అనుకుంటున్నాను. ఎలా సమర్థించుకోవాలి?

నల్లబల్ల
ఎందుకు తక్కువ కాదో, ఎందుకు ఎక్కువ కాదో రెండూ లెటర్లోనే రాయండి. తక్కువ కాదు, ఎందుకంటే ఇది ఒక్కసారి జరిగింది కాదు, ముందు ఒకసారి మందలించాక కూడా చేశాడు (మందలించారా? తేదీ ఉందా?). ఎక్కువ కాదు, ఎందుకంటే ఇదే మొదటి సస్పెన్షన్, అడిగినప్పుడు మీకు తెలియనిది కూడా ఒప్పుకున్నాడు, రేపటితో మూడు రోజులు లైబ్రరీలో గడిపినట్టవుతుంది. మేనేజ్‌మెంట్‌ని ఇంకోటి అడగండి, ఆరో రోజు నుంచి పదిహేనో రోజు దాకా ఆ పిల్లాడి భద్రత కోసం మీరు ఏం చేస్తారు, ఐదు రోజుల్లో చెయ్యలేనిది? డ్యూటీ టీచర్‌ని పెట్టడానికి, సీటు మార్చడానికి ఐదు రోజులు చాలు కదా.

వీడియో తీసినవాడికి వేరే లెటర్, వేరే శిక్ష. పక్కన నవ్విన వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడండి, లెటర్ అక్కర్లేదు.

అప్పీలు సంగతి మర్చిపోకండి. పది రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు అని రాస్తారు కొందరు, ఐదు రోజుల సస్పెన్షన్‌కి! తీర్పు వచ్చేసరికి వాడు క్లాసులో ఉంటాడు.

మూడో బెల్లు
మందలించాం, గత నెల 20న, క్లాస్ టీచర్ డైరీలో ఉంది. చివరి డ్రాఫ్ట్ ఇది. అబ్బాయి కూడా చదివి అర్థం చేసుకునేలా రాశాను, "చేయడమైనది"లు అన్నీ తీసేశాను.

"గత నెలలో రెండుసార్లు, ఈ నెల 2న ఒకసారి, ఇంటర్వెల్లో మీ అబ్బాయి మరో విద్యార్థి లోపల ఉండగా బాత్రూం తలుపును బయటి నుంచి పట్టుకుని తెరవనివ్వలేదు. 2వ తేదీన ఆ విద్యార్థి ఏడుస్తూ తెరవమని అడిగినా వదల్లేదు. అంతకుముందు అతని బ్యాగును దాచాడు. గత నెల 20న క్లాస్ టీచర్ దీని గురించి హెచ్చరించారు. 4వ తేదీన మీ సమక్షంలో మీ అబ్బాయి ఈ విషయాలు ఒప్పుకున్నాడు. వీడియో తాను తీయలేదని చెప్పాడు, మేము పరిశీలించి ఆ మాట నిజమని నిర్ధారించుకున్నాం.

ఇది ఒకే విద్యార్థిపై, హెచ్చరిక తర్వాత కూడా కొనసాగింది కాబట్టి మందలింపు సరిపోదు. ఇదే మొదటి సస్పెన్షన్ కావడం, అడిగినప్పుడు నిజం చెప్పడం, 3వ తేదీ నుంచి మూడు రోజులు విడిగా కూర్చోవడం దృష్టిలో పెట్టుకుని 8వ తేదీ సోమవారం నుంచి 12వ తేదీ శుక్రవారం వరకు 5 పని దినాలు సస్పెండ్ చేస్తున్నాం. ఆ రోజుల్లో స్కూలు ఆవరణలోకి రాకూడదు. రోజూ పాఠాలు, హోంవర్క్ క్లాస్ టీచర్ పంపుతారు. 11న జరిగే యూనిట్ టెస్టును 16న రాయవచ్చు.

15వ తేదీ సోమవారం ఉదయం 8.30కి మీతో కలిసి ఆఫీసుకి రావాలి. మీరు రాలేకపోతే ఫోన్లో మాట్లాడతాం. అదీ కుదరకపోతే మాట్లాడే వరకు మీ అబ్బాయి లైబ్రరీలో చదువుకుంటాడు, సస్పెన్షన్ మాత్రం పొడిగించం.

తిరిగి వచ్చాక ఆరు వారాల పాటు: ఆ విద్యార్థితో నేరుగా గానీ, ఫోన్లో గానీ, ఇతరుల ద్వారా గానీ మాట్లాడకూడదు. మేము చూపించిన సీటులో కూర్చోవాలి, మేము చెప్పిన బాత్రూం మాత్రమే వాడాలి. ప్రతి శుక్రవారం క్లాస్ టీచర్‌ని పది నిమిషాలు కలవాలి. కౌన్సెలర్ దగ్గరకి నాలుగుసార్లు వెళ్ళాలి. ఎవరికైనా ప్రాణాపాయం ఉంటే తప్ప అక్కడ మాట్లాడింది మాకు తెలియజేయరు. ఆరు వారాల చివర మీతో కూర్చుని ఈ షరతులు తీసేయాలా, కొన్ని ఉంచాలా అన్నది నిర్ణయిస్తాం. ఈలోగా షరతు తప్పితే ముందు మీ ఇద్దరి మాట విని, ఆ తర్వాతే తదుపరి చర్య తీసుకుంటాం.

ఈ నిర్ణయంతో మీరు ఏకీభవించకపోతే 9వ తేదీ లోపు రాసి ఇవ్వండి. ఈ విచారణలో లేని మరొకరు 10న మీ మాట విని ఆ రోజే చెబుతారు."

చివరి బెంచి
నాకు ఇలాంటిది ఇచ్చి ఉంటే బల్ల మీద కూర్చునేవాణ్ణి కాదు. ఒక్కటి, "మేము చెప్పిన బాత్రూం" అంటే క్లాసు ముందు అందరికీ తెలిసిపోతుంది. వాడికి విడిగా చెప్పండి.

వీరభద్రం
యూనిట్ టెస్టు మళ్ళీ పెట్టడం నాకు నచ్చలేదు. అవతలి పిల్లాడు ఆరు వారాలు బాత్రూంకి భయపడుతూ పరీక్షలు రాశాడు, వాడికి ఎవరు మళ్ళీ పెట్టారు?

వానచినుకు
ఆ ప్రశ్న న్యాయమైనదే. వాడికి కూడా పెట్టొచ్చుగా?

నల్లబల్ల
పెట్టొచ్చు. నేనెప్పుడూ పెట్టలేదు, తట్టలేదు కూడా.

మూడో బెల్లు
రేపు పొద్దున లెక్కల మేడంని అడుగుతాను. ఇంకో చిక్కు ఉంది, ఈ అబ్బాయి కబడ్డీ టీంలో ఉన్నాడు, 20న మ్యాచ్, అంటే వచ్చిన అయిదు రోజులకే. పీఈటీ సార్ లెటర్లో ఆటల గురించి ఏమీ లేదు కదా, ఆడిస్తాను అంటున్నారు. ఆ పిల్లాడు మ్యాచ్ చూడ్డానికి వస్తాడో లేదో తెలీదు.

శారద
ఎవరూ ఊహించక్కర్లేదు, ఆ పిల్లాడినే అడగండి, వస్తావా అని.